అవతలివాడు ఎగ్గొట్టినా మన ట్రేడ్ ఎలా నిలబడుతుంది? క్లియరింగ్ హౌస్ పూచీ గురించి

కొత్త_మదుపరి | సోమవారం, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. పోయిన వారం నేను ఒక కంపెనీవి 200 షేర్లు అమ్మాను, మరుసటి రోజుకే డబ్బు నా ఖాతాలో పడింది. ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు మా నాన్నగారు అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన ముప్ఫై ఏళ్లకు పైగా గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేశారు. యార్డులో సరుకు కొన్న వ్యాపారి డబ్బు ఆపితే రైతు వచ్చి నిలదీసేది కమీషన్ ఏజెంటునే కాబట్టి, కొనేవాడి పరపతి తెలియకుండా ఆయన ఒక్క బస్తా కూడా తూకం వేయించేవారు కాదు. "నీ షేర్లు కొన్నవాడి పేరు నీకు తెలియదు, నీ పేరు వాడికి తెలియదు, మరి వాడు డబ్బు కట్టకపోతే నీకు ఎవరిస్తారు? ఎవరి జేబులోంచి ఇస్తారు?" అని అడిగారు.

క్లియరింగ్ హౌస్, మన దేశంలో క్లియరింగ్ కార్పొరేషన్ అనే సంస్థ హామీగా ఉంటుందని చదివాను. కానీ రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఆ సంస్థ ఎవరి డబ్బుతో హామీ ఇస్తుందో, ఆ డబ్బు చాలకపోతే ఏమవుతుందో తెలిసినవారు వివరించగలరా?

---

చిట్టీల_లెక్క | సోమవారం, రాత్రి 9:48

మీ నాన్నగారికి చిట్టీతో పోల్చి చెబితే సులువుగా అర్థమవుతుంది. ఇరవై మంది చిట్టీలో ఒకరు మూడో నెలలోనే పాట పాడుకుని డబ్బు తీసుకుని, ఆ తరువాత వాయిదాలు కట్టడం మానేశారనుకోండి. మిగిలిన సభ్యులు ఆ మనిషి ఇంటికి వెళ్లరు, చిట్టీ నడిపేవారినే అడుగుతారు. ఆయన తన చేతి డబ్బు వేసి ఆ నెల పాట పాడినవారికి ఇవ్వాలి. క్లియరింగ్ కార్పొరేషన్ కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది. బ్రోకర్లందరి దగ్గరా ముందే వసూలు చేసి పెట్టిన సెటిల్‌మెంట్ గ్యారంటీ ఫండ్ అనే నిధి ఒకటి ఉంటుంది. ఎవరైనా ఎగ్గొడితే ఆ నిధిలోంచి తీసి మీకు చెల్లిస్తారు. దాని వెనుక సెబీ ఉంది కాబట్టి మీ డబ్బుకు ప్రభుత్వ హామీ ఉన్నట్టే లెక్క.

---

పాత_చిట్టా | సోమవారం, రాత్రి 11:05

చిట్టీ పోలిక సగం వరకూ బాగా సరిపోతుంది, కానీ అసలు విషయం మిగతా సగంలోనే ఉంది. నేను ముంబయిలో క్లియరింగ్ కార్పొరేషన్‌తో నేరుగా లెక్కలు తేల్చుకునే ఒక సభ్య సంస్థ రిస్క్ విభాగంలో పదకొండేళ్లు పనిచేశాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ప్రభుత్వ హామీ అనేది లేదు. సెబీ నియమాలు పెడుతుంది, తనిఖీ చేస్తుంది, తప్పు చేసినవారిని శిక్షిస్తుంది, కానీ ఎవరి తరఫునా డబ్బు కట్టదు. రెండోది, ఎవరైనా ఎగ్గొట్టిన వెంటనే తెరిచేది గ్యారంటీ ఫండ్ కాదు. ఎగ్గొట్టిన సభ్యుడు ముందే పెట్టిన సొంత డబ్బు, అంటే మార్జిన్, మొదట ఖర్చవుతుంది. అది పూర్తిగా అయిపోయాకే మిగతావారి డబ్బు జోలికి వెళతారు. ఈ వరుస తెలిస్తే మీ నాన్నగారి రెండో ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

మొదటి మెట్టు ఒప్పందం చేతులు మారడం. మీ బ్రోకరు అమ్మారు, మరో బ్రోకరు కొన్నారు. ఎక్స్ఛేంజ్‌లో ధర కుదిరాక ఆ ఒప్పందం మీ ఇద్దరి మధ్య ఉండదు. క్లియరింగ్ కార్పొరేషన్ మధ్యలోకి వచ్చి, అమ్మినవారికి తానే కొనుగోలుదారుగా, కొన్నవారికి తానే అమ్మకందారుగా మారుతుంది. అందుకే అవతలివాడి పేరు మీకు తెలియాల్సిన అవసరం ఉండదు, వాడు కట్టినా కట్టకపోయినా మీ తరఫు సభ్యుడికి ఇవ్వాల్సిన బాధ్యత ఆ సంస్థదే. దాని చేతిలో కొన్నవీ అమ్మినవీ ఎప్పుడూ సమానంగా ఉంటాయి కాబట్టి ధర పెరిగినా తగ్గినా దానికి లాభం లేదు, నష్టం లేదు. ఒక్క సందర్భంలో మాత్రం ఈ సమతూకం చెడుతుంది. ఒకవైపు ఉన్నవాడు చేతులెత్తేసిన క్షణం నుంచి ఆ ఒప్పందం క్లియరింగ్ కార్పొరేషన్ నెత్తిన ఒంటరిగా మిగిలిపోతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం, ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకుని, ధరలో తేడాను రోజూ నగదుగా తేల్చే షేరు ఫ్యూచర్స్ తీసుకుంటే తేలిక. ఒక లాటు 500 షేర్లు, ధర ₹1,000 అనుకుందాం, అంటే ఒప్పందం విలువ ₹5,00,000. కొన్నవాడి దగ్గర మార్జిన్‌గా ₹1,00,000 తీసుకున్నారు. మొదటి రోజు ధర ₹940కి తగ్గింది. షేరుకు ₹60 చొప్పున ₹30,000 నష్టం, కొన్నవాడు ఆ సొమ్ము నగదుగా కట్టాడు, అది అమ్మినవాడికి చేరింది. రెండో రోజు ధర ₹790కి పడిపోయింది. ఈసారి ₹75,000 కట్టాలి, కానీ కొన్నవాడు కట్టలేకపోయాడు. అమ్మినవాడికి ఈ సంగతి తెలియను కూడా తెలియదు. అతనికి ఇవ్వాల్సిన ₹75,000 క్లియరింగ్ కార్పొరేషన్ ఆ మార్జిన్‌లోంచి తీసి ఇచ్చేస్తుంది. చేతిలో ₹25,000 మిగులుతుంది.

చాలామంది ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటారు, కానీ నష్టం అసలు ఎంతో తేలేది ఇక్కడి నుంచే. ఆ 500 షేర్ల కొనుగోలు ఇప్పుడు క్లియరింగ్ కార్పొరేషన్ మీద ఉంది, దాన్ని వెంటనే ఎవరికైనా అమ్మి వదిలించుకోవాలి. ₹750కి అమ్మగలిగితే ఇంకో ₹20,000 పోయి ₹5,000 మిగులుతుంది, ఎవరికీ నష్టం లేదు. అమ్మేలోగా ధర ₹690కి పడితే ₹50,000 పోతుంది. చేతిలో ఉన్నది ₹25,000 మాత్రమే కాబట్టి మరో ₹25,000 లోటు. చిట్టీల_లెక్క గారు చెప్పిన నిధి అవసరం ఈ లోటు దగ్గర పడుతుంది, అంతకు ముందు కాదు.

కాబట్టి మార్జిన్ అంటే బయానా లాంటిది కాదు. ఎగ్గొట్టిన మనిషి ఒప్పందాన్ని వదిలించుకోవడానికి పట్టే ఒకటి రెండు రోజుల్లో ధర ఎంత కదలగలదో అంచనా వేసి, ఆ మేరకు ముందే తీసి పెట్టుకున్న సొమ్ము అది.

---

ఓరుగల్లు_విద్యార్థిని | మంగళవారం, ఉదయం 7:32

నేను ఎం.కాం. చదువుతున్నాను. మా పాఠంలో ఇవన్నీ ఉన్నాయి కానీ ఇంత స్పష్టంగా ఎప్పుడూ అర్థం కాలేదు. పాత_చిట్టా గారూ, రెండు సందేహాలు. ఆ ₹25,000 లోటును మన దేశంలో ఏ వరుసలో ఎవరు భరిస్తారు? సభ్యుడు చేతులెత్తేసే దాకా ఎవరూ పట్టించుకోరా, ముందే తెలిసే మార్గం ఏమీ లేదా?

---

పాత_చిట్టా | మంగళవారం, మధ్యాహ్నం 1:20

రెండో సందేహం ముందు తీసుకుంటాను, ఎందుకంటే నా ఉద్యోగమంతా దాని చుట్టూనే తిరిగింది. మా గదిలో ఒక తెర మీద, మేము పెట్టిన డబ్బులో ఎంత శాతం మార్జిన్ కింద వాడుకున్నామో అంకె ఎప్పుడూ కదులుతూ ఉండేది. ఆ అంకె 70 దాటితే మాలో ఒకరు ఫోన్ పట్టుకుని ఏ క్లయింటు వల్ల పెరుగుతోందో వెతకడం మొదలుపెట్టేవారు. 85 దాటితే ఎక్స్ఛేంజ్ వ్యవస్థ ఆ సభ్యుడి పెండింగ్ ఆర్డర్లన్నీ తనంతట తానే రద్దు చేసి, ఉన్న రిస్కును తగ్గించే ఆర్డర్లను మాత్రమే తీసుకునే స్థితిలో పెడుతుంది. పక్క డెస్కులో ఒకసారి అలా జరిగినప్పుడు, నాలుగు నిమిషాల్లో అదనపు డబ్బు పంపి బయటపడే వరకూ ఆ గదిలో ఎవరూ కుర్చీల్లో కూర్చోలేదు. అంటే హామీలో పెద్ద భాగం ఎగవేత తరువాత జరిగేది కాదు, దానికి ముందు రోజూ ప్రతి నిమిషం జరిగే ఈ కొలతే.

ఇక వరుస సంగతి. సెబీ 2014లో పెట్టిన క్రమం ప్రకారం, ఎగ్గొట్టిన సభ్యుడి డబ్బంతా అయిపోయాక, బీమా ఏదైనా ఉంటే అది, ఆ తరువాత క్లియరింగ్ కార్పొరేషన్ తన సొంత వనరుల్లోంచి కొంత వేయాలి. ఆ కొంత ఎంతంటే, గ్యారంటీ ఫండ్‌లో కనీసం ఉండాల్సిన మొత్తంలో 5 శాతం. ఆ పైన ఫండ్ తెరుస్తారు. ఈ ఫండ్‌లో కనీసం సగం క్లియరింగ్ కార్పొరేషన్, పావు వంతు ఎక్స్ఛేంజ్ వేయాలి. సభ్యుల వాటా పావు వంతుకు మించకూడదు. బ్రోకర్ల దగ్గర వసూలు చేసిన నిధి అని పైన చిట్టీల_లెక్క గారు రాసింది అందుకే సరిగ్గా సరిపోదు, మన దగ్గర ఎక్కువ భాగం సంస్థలదే. అదీ చాలకపోతే ఇతర సెగ్మెంట్ల, అంటే మార్కెట్‌లోని వేరే విభాగాల, ఫండ్లలో మిగులు, క్లియరింగ్ కార్పొరేషన్ మిగతా వనరులు, మిగిలిన సభ్యుల నుంచి ఒక పరిమితి వరకూ అదనపు వసూలు. అప్పటికీ లోటు ఉంటే చివరి మెట్టు ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. డబ్బు రావాల్సిన వాళ్లందరికీ ఒకే నిష్పత్తిలో కోత పెట్టి ఇస్తారు.

---

నష్టపోయిన_మనిషి | మంగళవారం, సాయంత్రం 6:41

ఇంత వివరంగా రాస్తున్నారు కానీ నా అనుభవం వేరు. నేను ఒక బ్రోకరు దగ్గర ఎనిమిదేళ్లు ఖాతా నడిపాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయదలుచుకోలేదు. ఒకరోజు వాళ్ల వెబ్‌సైటు తెరుచుకోవడం మానేసింది, ఫోన్లు ఎత్తడం ఆగిపోయింది. నేను అప్పటికి రెండు వారాల ముందే షేర్లు అమ్మాను, డబ్బు వాళ్ల దగ్గర నా లెడ్జరులో కనపడుతోంది, బ్యాంకుకు మాత్రం రాలేదు. క్లియరింగ్ కార్పొరేషన్‌కు ఉత్తరం రాస్తే, మీ ట్రేడుకు సంబంధించిన చెల్లింపు ఆ రోజే పూర్తయింది అని జవాబు వచ్చింది. ఎవరికి పూర్తయింది? నా చేతికి పైసా రాలేదు. ఏళ్ల తరబడి తిరిగాను. అందుకే ఈ హామీ గురించి ఎవరేం చెప్పినా నాకు నమ్మకం కలగదు.

---

పాత_చిట్టా | మంగళవారం, రాత్రి 9:15

మీకు జరిగింది చాలా పెద్ద నష్టం, మీ కోపంలో న్యాయం ఉంది. మీకు వచ్చిన జవాబు క్రూరంగా అనిపించినా, అందులో ఈ వ్యవస్థ హద్దు ఎక్కడో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి వివరిస్తాను. క్లియరింగ్ కార్పొరేషన్ పూచీ సభ్యుడికీ సభ్యుడికీ మధ్య ఉన్నది. అవతలి బ్రోకరు ఎగ్గొడితే మీ బ్రోకరుకు డబ్బు అందేలా చూస్తుంది. మీ బ్రోకరే మీ డబ్బు దాచుకుంటే ఆ పూచీ మిమ్మల్ని చేరదు. మీ విషయంలో డబ్బు క్లియరింగ్ కార్పొరేషన్ నుంచి మీ బ్రోకరు దాకా వచ్చింది, అక్కడి నుంచి మీ దాకా రాలేదు. మొదటి ప్రశ్న అడిగినవారి నాన్నగారి మాటల్లో చెప్పాలంటే, కొన్న వ్యాపారి డబ్బు కట్టాడు, కమీషన్ ఏజెంటు దాన్ని రైతుకు ఇవ్వలేదు.

ఇటువంటి నష్టానికి ఎక్స్ఛేంజీలు పెట్టిన మదుపరుల రక్షణ నిధి వేరేగా ఉంది. అందులో ఒక్కొక్కరికి ఇచ్చే మొత్తానికి పరిమితి ఉంది, ఎగవేతదారుగా ప్రకటించాక నిర్ణీత గడువులో క్లెయిము పెట్టుకోవాలి. మీరు పెట్టుకున్నారా? ఈ మధ్య కొన్న షేర్లు బ్రోకరు ఖాతాలో ఆగకుండా నేరుగా మదుపరి డీమ్యాట్ ఖాతాకే వెళ్లాలని నియమం తెచ్చింది మీలాంటి వారికి జరిగినదాని వల్లే. అయితే డబ్బు విషయంలో అంత నేరుదారి లేదు కాబట్టి, అమ్మిన డబ్బును బ్రోకరు లెడ్జరులో వదిలేయకండి అని నేను మా బంధువులందరికీ చెబుతూ ఉంటాను.

---

నష్టపోయిన_మనిషి | మంగళవారం, రాత్రి 9:52

పెట్టుకున్నాను, కొంత వచ్చింది, మొత్తం రాలేదు. క్లియరింగ్ కార్పొరేషన్ పూచీకీ ఈ నిధికీ మధ్య ఈ తేడా ఉందని అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఉత్తరాలు తప్పు చిరునామాకు రాస్తూ ఏడాది పోగొట్టుకునేవాణ్ని కాదు.

---

బందరు_రోడ్డు | బుధవారం, ఉదయం 10:03

నాదీ ఒక చిన్న సందేహం. నేను కొన్న షేర్లు రాలేదు, వాటి బదులు డబ్బు వచ్చింది, అదీ నేను కొన్న ధర కంటే ఎక్కువే వచ్చింది. ఇది కూడా ఎగవేత కిందకే వస్తుందా?

---

పాత_చిట్టా | బుధవారం, ఉదయం 11:30

అమ్మినవాడి దగ్గర ఇవ్వడానికి షేర్లు లేవు. అప్పుడు క్లియరింగ్ కార్పొరేషన్ మీ కోసం ఆక్షన్‌లో వేరేవారి దగ్గర కొనడానికి ప్రయత్నిస్తుంది. అక్కడా దొరకకపోతే డబ్బుతో తేల్చేస్తుంది. ట్రేడ్ రోజు నుంచి ఆక్షన్ రోజు దాకా వచ్చిన అత్యధిక ధర, ఆక్షన్ రోజు ముగింపు ధర మీద 20 శాతం ఎక్కువ, ఈ రెండింటిలో ఏది పెద్దదైతే అది మీకు వస్తుంది, ఆ భారమంతా షేర్లు ఇవ్వనివాడిది. మీకు ఎక్కువ రావడానికి కారణం అదే. పూచీ అంటే మీకు ఆ షేరే దొరుకుతుందని కాదు, దాని విలువ పోకుండా చూస్తారని అర్థం. ఆ షేరే కావాలనుకుని కొన్నవారికి ఇది నిరాశే.

---

ఉత్తర_తీరం | బుధవారం, రాత్రి 11:48

నేను ఓస్లోలో విద్యుత్ రంగంలో పనిచేస్తున్నాను. మార్జిన్ చాలకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు ఇక్కడ 2018లో జరిగిన సంఘటన కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మా ఆఫీసులో ఆ వారం కాఫీ యంత్రం దగ్గర వేరే మాటే లేదు.

ఎయినార్ ఆస్ అనే నార్వే వ్యాపారి ఉండేవాడు. ఒక సంవత్సరం నార్వేలో అందరికంటే ఎక్కువ పన్ను కట్టిన వ్యక్తి అతను. ఏ బ్యాంకు కిందా క్లయింటుగా ఉండకుండా, తన సొంత పేరుతో నాస్‌డాక్ క్లియరింగ్ అనే స్వీడన్ సంస్థలో నేరుగా సభ్యుడయ్యాడు. అతని వ్యాపారం రాబోయే కాలపు విద్యుత్ ధరల మీద. జర్మనీలో కరెంటు ధర ఎక్కువ, మా నార్డిక్ దేశాల్లో తక్కువ, ఆ రెండింటి మధ్య తేడా తగ్గుతుందని అతను చాలా పెద్ద మొత్తంలో పందెం వేశాడు. అంటే ఇక్కడి కరెంటు కొన్నాడు, జర్మనీ కరెంటు అమ్మాడు.

2018 సెప్టెంబరు 10, సోమవారం నాడు రెండు విషయాలు ఒకేసారి జరిగాయి. యూరప్‌లో పొగ వదిలేందుకు కంపెనీలు కొనుక్కోవాల్సిన కార్బన్ పర్మిట్ల ధర పెరగడంతో బొగ్గు మీద ఆధారపడిన జర్మనీ కరెంటు ధర ఎగబాకింది. మరోవైపు వర్షాలు బాగా పడతాయని వాతావరణ అంచనా వచ్చింది. మా దగ్గర కరెంటులో ఎక్కువ భాగం జలాశయాల నుంచే వస్తుంది కాబట్టి ఇక్కడి ధర పడిపోయింది. ఆస్ కొన్నది తగ్గింది, అమ్మింది పెరిగింది, రెండు వైపులా నష్టమే. రెండు ధరల మధ్య తేడా మామూలుగా ఒక రోజులో కదిలే దానికి 17 రెట్లు కదిలింది. ఈ రెండు ధరలూ సాధారణంగా కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి అన్న లెక్క మీదే ఇటువంటి పందేలకు మార్జిన్ తక్కువ తీసుకుంటారు, ఆ రోజు ఆ లెక్కే తప్పింది.

అదనపు మార్జిన్ కట్టమని అడిగారు, అతను కట్టలేకపోయాడు. 11వ తేదీన ఎగవేతదారుగా ప్రకటించారు. అతని ఒప్పందాలను వేలంలో ఇతర సభ్యులకు అప్పగించేటప్పటికి, అతను పెట్టిన డబ్బంతా పోను ఇంకా 11.4 కోట్ల యూరోల లోటు తేలింది. పాత_చిట్టా గారు చెప్పిన వరుస ఇక్కడ నిజంగా అమలైంది. మొదటి 70 లక్షల యూరోలు నాస్‌డాక్ క్లియరింగ్ తన డబ్బులోంచి పెట్టింది. మిగిలిన 10.7 కోట్ల యూరోలు ఇతర సభ్యులు వేసిన నిధిలోంచి తీశారు. ఆ నిధి మొత్తం 16.6 కోట్లు, అంటే ఒక్క మనిషి వల్ల దాదాపు మూడింట రెండు వంతులు ఖాళీ అయింది. ఖాళీ అయినంతా మళ్లీ నింపాలని సభ్యులకు నోటీసులు వచ్చాయి, నింపారు కూడా. ఆ మనిషితో ఎన్నడూ ఒక్క ఒప్పందం కూడా నేరుగా చేసుకోని విద్యుత్ కంపెనీలు, బ్యాంకులు అతని అప్పు కట్టాయి.

---

చిట్టీల_లెక్క | గురువారం, ఉదయం 8:20

నా మాటలో తప్పులు ఎత్తి చూపినందుకు పాత_చిట్టా గారికి కృతజ్ఞతలు, ప్రభుత్వ హామీ అన్నది పొరపాటే. కానీ ఉత్తర_తీరం గారు చెప్పింది చదివాక అసలు ఈ వ్యవస్థ అక్కడ విఫలమైందనే నాకు అనిపిస్తోంది. ఒక్క వ్యక్తి మునిగితే నిధిలో మూడింట రెండు వంతులు పోవడం ఏమిటి? మా ఊళ్లో చిట్టీ నడిపేవారు కూడా పాట పాడుకున్నవారి దగ్గర ఇద్దరు జామీను సంతకాలు లేనిదే డబ్బు ఇవ్వరు.

---

ఉత్తర_తీరం | గురువారం, మధ్యాహ్నం 3:02

విఫలమైందని నేను అనను. ఆ వారం లాభంలో ఉన్న ప్రతి సభ్యుడికీ రావాల్సిన డబ్బు వచ్చింది, ఒక్క ట్రేడు కూడా రద్దు కాలేదు, విద్యుత్ మార్కెట్ మరుసటి రోజు మామూలుగా తెరుచుకుంది. పూచీ నిలబడింది. కానీ ఆ పూచీకి డబ్బు కట్టింది ఎవరు అన్న దగ్గర ఇక్కడ చాలామందికి కోపం వచ్చింది. స్వీడన్ ఆర్థిక పర్యవేక్షణ సంస్థ కూడా లోపాలున్నాయని తేల్చి 2021 జనవరిలో నాస్‌డాక్ క్లియరింగ్‌కు 30 కోట్ల స్వీడిష్ క్రోనర్ల జరిమానా వేసింది.

---

పాత_చిట్టా | గురువారం, రాత్రి 10:10

చిట్టీల_లెక్క గారి జామీను మాట మంచి ప్రశ్నే. చిట్టీలో ఎవరు ఎంత బాకీ ఉంటారో పాట రోజునే తెలిసిపోతుంది, వాయిదా మొత్తం మారదు. అందుకని ఒకసారి జామీను తీసుకుంటే చాలు. ఇక్కడ బాకీ ధరతోపాటు ప్రతి రోజూ మారుతుంది, ఉదయం ఏమీ బాకీ లేనివాడు సాయంత్రానికి కోట్లు బాకీ పడవచ్చు. అందుకే సంతకాలు కాకుండా రోజూ డబ్బు తీసుకుంటారు.

ఆస్ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ధర 17 రెట్లు కదలడం కాదు. అంత పెద్ద ఒప్పందాన్ని ఆ చిన్న మార్కెట్‌లో తీసుకోగలిగిన వారు కొద్దిమందే ఉండటం. నా పాత లెక్కలో 500 షేర్లను అమ్మి బయటపడటానికి ఒక గంట చాలు. కానీ మార్కెట్‌లో ఉన్న సరుకులో పెద్ద వాటా ఒక్కడి చేతిలోనే ఉంటే, దాన్ని వదిలించుకోవడానికి క్లియరింగ్ హౌస్ వెళ్లే ప్రతి చోటా అవతలివారికి దాని అవసరం తెలిసిపోతుంది, వాళ్లు అడిగిన ధరకు ఇవ్వాల్సి వస్తుంది. నష్టంలో కొంత ధర వల్ల వస్తుంది, మరి కొంత ఈ తొందర వల్ల వస్తుంది. మార్జిన్ లెక్కలో రెండో భాగాన్ని సరిగా వేయకపోతే ఎంత మంచి గణితమైనా ఆదుకోదు.

దీనికి ఎదురుగా 2008 సెప్టెంబరులో అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ మునిగినప్పుడు లండన్‌లో జరిగింది చూడండి. ఎల్‌సీహెచ్ అనే క్లియరింగ్ హౌస్ దగ్గర లేమన్‌కు 9 లక్షల కోట్ల డాలర్ల విలువైన వడ్డీ రేట్ల ఒప్పందాలు, 66,390 ట్రేడ్లు ఉన్నాయి. ఎల్‌సీహెచ్ ముందుగా వడ్డీ రేట్ల కదలికకు వ్యతిరేక ఒప్పందాలు చేసి నష్టం పెరగకుండా కట్టేసింది, ఆ తరువాత తీరికగా కరెన్సీల వారీగా వేలం వేసింది. మూడు వారాల్లో పని ముగిసింది, లేమన్ పెట్టిన మార్జిన్‌లో మూడో వంతే ఖర్చయింది, ఇతర సభ్యుల నిధిలోంచి ఒక్క డాలరు తీయలేదు. ఒప్పందాల పరిమాణంలో ఆస్ కథ దీని పక్కన లెక్కలోకి రాదు, కానీ లేమన్ ఒప్పందాలు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆస్ ఒప్పందాలకు లేరు.

---

ఓరుగల్లు_విద్యార్థిని | శుక్రవారం, ఉదయం 7:15

నాకు 70 లక్షలు, 10.7 కోట్లు అన్న రెండు అంకెలు కంటికి అడ్డం పడుతున్నాయి. ఎవరిని సభ్యుడిగా తీసుకోవాలో, ఎంత మార్జిన్ అడగాలో నిర్ణయించింది క్లియరింగ్ హౌస్. ఆ నిర్ణయం తప్పితే దానికి పడిన భారం పదిహేనో వంతు కంటే తక్కువ, మిగిలినది నిర్ణయంలో భాగం లేని సభ్యులకు. క్లియరింగ్ హౌస్ చేత సొంత డబ్బు ఎక్కువగా ముందు పెట్టించి ఉంటే, ఒక్క వ్యక్తిని అంత పెద్ద పందెం వేయనిచ్చేవారా?

---

పాత_చిట్టా | శుక్రవారం, మధ్యాహ్నం 2:45

దీని మీద నేను పనిచేసిన రోజుల నుంచే వాదన నడుస్తోంది. బ్యాంకులు మీ మాటే అంటాయి. క్లియరింగ్ హౌస్‌ల వాదన ఏమిటంటే, తమ సొంత డబ్బు జాగ్రత్తగా ఉండేలా చేయడానికే తప్ప నష్టాలు భరించడానికి కాదు, రిస్కును మార్కెట్‌లోకి తెచ్చేది సభ్యులే కాబట్టి భారమూ వాళ్లదే కావాలి, పైగా క్లియరింగ్ హౌస్ సొంత మూలధనం కరిగిపోతే అందరి ట్రేడ్లూ ఒకేసారి ప్రమాదంలో పడతాయి. మన దేశంలో ఫండ్‌లో సగం సంస్థ చేతే పెట్టించడం మీ వాదనకు దగ్గరగా ఉంది, నాకూ అదే సరైనదనిపిస్తుంది. కానీ దాని వల్ల మార్జిన్ నిర్ణయాలు మెరుగయ్యాయని నేను నిరూపించలేను.

---

ఉత్తర_తీరం | శుక్రవారం, సాయంత్రం 5:30

నేను ఇందులో పాత_చిట్టా గారితో ఏకీభవించను. సభ్యులు నష్టం భరించాలన్న భయం ఉంటేనే వేలంలో మంచి ధరకు పాల్గొంటారు. మొత్తం క్లియరింగ్ హౌసే భరిస్తుందంటే, వేలంలో ఎవరికి వారు తక్కువ ధర చెప్పి లాభపడాలని చూస్తారు, నష్టం మరింత పెరుగుతుంది. సమస్య ఎవరు భరించారన్నది కాదు, వేలానికి తగినంత మందిని పిలవకపోవడం.

---

కొత్త_మదుపరి | శనివారం, రాత్రి 8:05

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిన్న రాత్రి భోజనాల దగ్గర మా నాన్నగారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ₹690 లెక్క దగ్గర ఆపించి రెండుసార్లు చదివించుకున్నారు. తరువాత ఇంకో ప్రశ్న అడిగారు. యార్డులో ఒక వ్యాపారి ఐపీ పెడితే మిగిలినవాళ్లు తట్టుకుంటారు, కానీ ధర ఒక్కసారిగా పడిన ఏడాది ఐపీ పెట్టేవాడు ఒక్కడే ఉండడు, ఒకరి వెనుక ఒకరు పెడతారు, మరి ఇక్కడ ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు ఒకే రోజు మునిగితే?

---

పాత_చిట్టా | శనివారం, రాత్రి 10:22

మీ నాన్నగారు యార్డులో నేర్చుకున్నదాన్నే నిబంధనలు రాసినవారూ ఆలోచించారు. మన దేశంలో గ్యారంటీ ఫండ్ ఎంత ఉండాలో లెక్కించేటప్పుడు, తీవ్రమైన ధరల పతనాన్ని ఊహించుకుని, అప్పుడు అత్యధిక నష్టం తెచ్చిపెట్టగల ఇద్దరు సభ్యులు, వారి అనుబంధ సంస్థలతో సహా, ఒకేసారి ఎగ్గొట్టారనుకుని కొలుస్తారు. యూరప్‌లోనూ కనీసం ఇద్దరు పెద్ద సభ్యుల లెక్కే. ఇద్దరి వరకూ ముందే డబ్బు ఉంటుంది.

మూడో పెద్ద సభ్యుడు కూడా అదే రోజు పడితే నేను మంగళవారం రాసిన చివరి మెట్లు మొదలవుతాయి. బతికి ఉన్న సభ్యుల నుంచి అదనపు వసూలు జరుగుతుంది. కానీ అటువంటి రోజున వాళ్ల చేతిలోనూ డబ్బు కరువుగానే ఉంటుంది, అందుకే ఆ వసూలుకు పరిమితి పెట్టారు. ఆ తరువాత కోత. ₹75,000 రావాల్సిన మనిషికి, లోటు పదో వంతు ఉంటే, ₹67,500 వస్తుంది. మీ 200 షేర్ల డబ్బు పూర్తిగా రాకుండా ఆగాలంటే అంతటి రోజు రావాలి, అయితే అటువంటి రోజు రాదని నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు.

---

కొత్త_మదుపరి | శనివారం, రాత్రి 10:51

చదివి వినిపించాను. "అయితే ఇద్దరి దాకా పూచీ, ఆ పైన పంపకం" అన్నారు. తరువాత నా బ్రోకరు లెడ్జరులో ఇంకా ఎంత డబ్బు ఉందని అడిగారు. ₹41,000 ఉంది, రేపు ఆదివారం కాబట్టి సోమవారం ఉదయం బ్యాంకుకు మార్చేస్తున్నాను.